సోమవారం మీటింగుకు రాలేనని సార్‌తో ఎలా చెప్పాలి? బదులుగా రాసి పంపితే ఒప్పుకుంటారా?

ప్రశ్న: గుణుపురంలో ఒక జిన్నింగ్ మిల్లు తరఫున పత్తి కొనుగోలు యార్డు చూస్తున్నాను. హెడ్డాఫీసు గుంటూరులో. సీజన్ మొదలైన దగ్గర్నుంచి ప్రతి సోమవారం 11 నుంచి 12.30 దాకా వీడియో మీటింగు పెడుతున్నారు. తొమ్మిది సెంటర్లవాళ్లం వరసగా లెక్కలు చదువుతాం. నా వంతు పది నిమిషాలు కూడా ఉండదు. సరిగ్గా ఆ టైములోనే రైతులు ఆదివారం మూటలు కట్టుకున్న పత్తితో యార్డుకు వస్తారు. తేమ చూసేది నేనొక్కణ్ణే. మేనేజరుగారు వయసులో పెద్దవారు, మంచివారే గానీ ‘రాను’ అంటే నొచ్చుకుంటారేమోనని టెన్షన్. మర్యాదగా ఎలా చెప్పాలి?

జవాబు:

నాది పర్లాకిమిడి. చాలాకాలం మీవైపే బిస్సంకటక్, గుణుపురం యార్డుల్లో కొనుగోళ్లు చూశాను. తర్వాత ఆఫీసుకు మారి ఇలాంటి సమీక్షలు నేనే పెట్టేవాణ్ణి. పిలిచేవాళ్ల మనసులో ఏముంటుందో తెలిసినవాణ్ణిగా చెబుతున్నాను.

సోమవారం మీటింగులో మీ సార్‌కు కావలసింది మీ ముఖం కాదు. గుణుపురంలో ఎంత కొన్నారు, ఎంత పంపారు, ఏదైనా ఇరుక్కుందా అన్న మూడు సంగతులు ఆయనకు తెలియాలి. అవి మధ్యాహ్నంలోగా చేతిలో లేకపోతే ఓనరు అడిగినప్పుడు ఆయన ఇబ్బంది పడతారు. ఆ భయం వల్లే ఆయన మీటింగును వదులుకోరు. కాబట్టి ‘నాకు టైము లేదు’ దగ్గర మొదలుపెట్టకండి. ‘మీకు కావలసిన లెక్క మీటింగు కంటే ముందే మీ చేతికి వస్తుంది’ దగ్గర మొదలుపెట్టండి. తిరస్కారం అక్కడే సగం మెత్తబడుతుంది.

ఇక కారణం సంగతి. చాలామంది ఇక్కడే తడబడతారు. నాకు వచ్చిన మెసేజీల్లో ఎక్కువగా కనిపించినవి నెట్‌వర్క్ లేదు, ఇంటి దగ్గర పని ఉంది, ఒంట్లో బాగోలేదు. ఒక్కోసారి మూడూ ఒకే మెసేజీలో ఉండేవి. కారణాలు ఎక్కువయ్యే కొద్దీ నమ్మకం తగ్గుతుంది. పైగా నెట్‌వర్క్ అని చెబితే ‘అయితే మామూలు ఫోన్‌లో కలువు’ అని ఆయన ఒక్క మాటతో దారి చూపిస్తారు. అప్పుడు మీకు చెప్పడానికి ఏమీ మిగలదు. గుణుపురం చుట్టుపక్కల సిగ్నలు ఇబ్బంది నిజమే, అయినా దాన్ని కారణంగా వాడకండి. ఎదుటివాళ్లు తేలిగ్గా తీర్చేయగలిగిన సమస్య కారణంగా పనికిరాదు.

మీ దగ్గర అసలైన కారణం ఉంది, తేమ. దాన్ని ఆయన డబ్బు భాషలో చెప్పండి. వంద క్వింటాళ్ల పత్తిలో తేమ ఒక్క శాతం తక్కువగా చూస్తే సుమారు ఒక క్వింటా నీళ్లు పత్తి ధరకు కొన్నట్టు. పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనుగోళ్లలో తేమ 8 శాతం దాటితే ధర కోస్తారు, 12 దాటితే అసలు తీసుకోరు. మీ మిల్లు నియమం వేరేగా ఉండొచ్చు గానీ లెక్క అదే దారిలో ఉంటుంది. మీరు ఫోన్ చూసుకుంటూ మీటరు గుచ్చితే నష్టం మిల్లుకు. లేదా లోడు నిలబెట్టేసి వెళ్తే రైతు పక్క వ్యాపారి దగ్గరికి పోతాడు. ఈ రెండు వాక్యాలు మీ సార్‌కు వివరించనక్కర్లేదు, ఒక్క మాట తగిలిస్తే చాలు, ఆయనకే అర్థమవుతుంది.

క్యాలెండరులో వచ్చిన ఆహ్వానానికి నేరుగా ‘No’ నొక్కేయకండి. మన దగ్గర పెద్దవాళ్లకు అది మొహం మీద తలుపు వేసినట్టు తగులుతుంది. ముందు ఆయనకు విడిగా మెసేజీ పెట్టండి, కుదిరితే శనివారం సాయంత్రం ఆయన ఖాళీగా ఉండే వేళకు ఒక ఫోన్ చేయండి. ఫోన్‌లో రెండే మాటలు: సార్, సోమవారం మీటింగు గురించి ఒక చిన్న విన్నపం, మెసేజీ పెడుతున్నాను, చూసి చెప్పండి. అంతే. విషయమంతా ఫోన్‌లో తేల్చుకోబోతే సార్ అప్పటికప్పుడు ‘లేదయ్యా, నువ్వు ఉండాలి’ అనేస్తే వెనక్కి తీసుకోవడం ఆయనకూ కష్టం. రాత మీద అయితే ఆలోచించుకోవడానికి ఆయనకు వీలుంటుంది.

ఇంకొకటి గట్టిగా చెబుతాను. సెంటర్లందరూ ఉన్న గ్రూపులో ఈ విషయం పెట్టకండి. అక్కడ మీకు ఒప్పుకుంటే ఆయన మిగతా ఎనిమిది మందికీ ఒప్పుకోవాలి, రాయగడ యార్డు వాళ్లు కూడా అదే మాట అడుగుతారు. అందుకని ఆయన మనసులో సరే అనుకున్నా అందరి ముందూ కాదనాల్సి వస్తుంది. కాదన్నాక మార్చుకోరు.

మెసేజీ ఇలా ఉంటే సరిపోతుందని నా ఉద్దేశం. మీ మాటల్లోకి మార్చుకోండి:

‘సార్, నమస్కారం. సోమవారం సమీక్షకు పిలిచినందుకు ధన్యవాదాలు. సీజన్‌లో సోమవారం ఉదయం పది నుంచి రెండింటి దాకా లోడ్లు ఎక్కువగా వస్తున్నాయి, తేమ చూసేది నేనొక్కణ్ణే. అక్కడ లేకపోతే తేమ తేడా మనమీదే పడుతుంది. మీకు అభ్యంతరం లేకపోతే మీటింగుకు బదులు, సోమవారం ఉదయం 9 గంటల్లోపే గుణుపురం లెక్క రాసి మీకు పంపుతాను. కొన్నది, పంపినది, నిల్వ, ఇబ్బందులు, మీ నిర్ణయం కావలసినవి, అన్నీ ఒక పేజీలోపే. నాతో మాట్లాడాల్సిన విషయం ఉంటే 12.15కి ఫోన్ చేయండి, యార్డు పక్కకు వచ్చి పది నిమిషాలు మాట్లాడతాను. జనవరి నెలాఖరు దాకా ఇలా చేసి చూద్దాం. మీకు సరిపోకపోతే మళ్లీ మీటింగులోనే కూర్చుంటాను. మీరు సరేనంటే వచ్చే సోమవారం నుంచి మొదలుపెడతాను.’

ఇందులో ఒక్కో ముక్క ఎందుకుందో చెబుతాను. ‘మీకు అభ్యంతరం లేకపోతే’ అన్నది పైపై మర్యాద కాదు, తాళం చెవి ఆయన చేతిలో పెడుతున్నట్టు. కిందివాళ్లు తమంతట తాము నిర్ణయించుకుని కబురు పెట్టారని అనిపించినప్పుడే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. 9 గంటలు అని వేసింది ఎందుకంటే మీటింగు 11కి. మధ్యలో రెండు గంటలు ఉంటే ఆయన చదువుకుని, గుణుపురం వంతు వచ్చినప్పుడు తానే చదివి వినిపించగలరు. మీటింగు అయ్యాక పంపే అప్‌డేట్ ఎవరికీ పనికిరాదు, అప్పటికే మీ పేరు దగ్గర ‘రాలేదు’ అని పడిపోయి ఉంటుంది. 12.15 పెట్టడం వెనక కూడా లెక్క ఉంది. మీటింగు ఆఖర్లో సాధారణంగా నిర్ణయాలు తేలుతాయి, మీ అవసరం పడేది అప్పుడే. గడువు పెట్టడమేమో ఆయన భయం కోసం. శాశ్వతంగా ఒప్పుకోమంటే వెనకాడతారు, నెలన్నర చూద్దామంటే వెనకాడరు.

‘క్షమించండి’ అని మూడుసార్లు రాయొద్దు. తప్పు చేస్తున్నట్టు మీరే చూపిస్తే ఆయనా అలాగే చూస్తారు.

ఇప్పుడు అసలు పని, ఆ పేజీ. మీటింగు వదిలినవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. మొదటి వారం బాగా రాస్తారు, రెండో వారం రిజిస్టరు ఫోటో తీసి పంపుతారు. ఫోటోను వేళ్లతో సాగదీసి చదివే ఓపిక ఎవరికీ ఉండదు, అంకెలు కాపీ చేసుకోవడానికీ వీలుండదు. సిగ్నలు తక్కువ ఉన్నచోట ఫోటో వెళ్లదు కూడా, అక్షరాలు వెళ్తాయి. అందుకని మామూలు మెసేజీగానే టైపు చేయండి. ఇలా:

‘గుణుపురం, 01-12-2025 నుంచి 06-12-2025 వరకు.

మీ నిర్ణయం కావలసింది: బుధవారానికి ఒక లారీ అదనంగా పంపగలరా? మంగళవారం సాయంత్రం 5 లోపు కబురు రాకపోతే గురువారం నుంచి కొనుగోలు సగానికి తగ్గిస్తాను, యార్డులో చోటు లేదు.

కొన్నది: 412 క్వింటాళ్లు. ముందు వారం 365.

తేమ: సగటు 10.2 శాతం. 12 దాటిన 3 లోడ్లు వెనక్కి పంపాను.

మిల్లుకు పంపినది: 270 క్వింటాళ్లు, 3 లారీలు. యార్డులో నిల్వ 310.

ఇబ్బంది: రెండో లారీ శుక్రవారం రావాల్సింది శనివారం వచ్చింది.

వచ్చే వారం అంచనా: 400 క్వింటాళ్లు, చోటు దొరికితే.’

అంకెలు ఊరికే ఉదాహరణకు వేశాను. చూడాల్సింది క్రమం. అడగాల్సింది పైన పెట్టాను. ఆయన ఫోన్ తెరిచినప్పుడు ముందు కనిపించే రెండు మూడు పంక్తులే నిజంగా చదివేవి. లారీ కావాలన్నది అడుగున ఉంటే ఆయన ‘బాగానే ఉంది’ అనుకుని మూసేస్తారు, మీరేమో జవాబు కోసం బుధవారం దాకా ఎదురుచూస్తారు.

అంకె పక్కన ముందు వారం అంకె కూడా ఉండాలి. 412 అన్నది ఒంటరిగా మంచో చెడో చెప్పదు. మీటింగులో అయితే ఆయన ‘పోయినవారం ఎంత?’ అని అడిగేవారు. రాతలో అడగడానికి మీరుండరు కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు ముందే పెట్టాలి. అలాగే కొన్నది, పంపినది, నిల్వ ఒకదానితో ఒకటి సరిపోవాలి. పై ఉదాహరణలో 412 కొని 270 పంపితే ఆ వారం మిగిలింది 142, నిల్వ 310 అంటే ముందు వారం నుంచి 168 ఉన్నట్టు. పోయినవారం మీరు రాసిన నిల్వ 168 కాకపోతే అకౌంటెంటు మొదటి నిమిషంలోనే పట్టేస్తాడు, ఆ తర్వాత మీ పేజీని ఎవరూ నమ్మరు. పంపేముందు ఈ ఒక్క కూడిక, తీసివేత చేసుకోండి.

కొలత కూడా ఒకటే వాడండి. మన యార్డుల్లో మూటల్లో మాట్లాడుకుంటాం, కాటా చీటీ మీద కిలోలు, మిల్లులో క్వింటాళ్లు, ఆ తర్వాత బేళ్లు. ఆఫీసుకు వెళ్లే కాగితంలో క్వింటాళ్లు తప్ప ఇంకేదీ రాయొద్దు. అంకెలు, తేదీలు అంకెల్లోనే ఉంటే, రాయగడ వైపు మీ కాగితం చూసే ఒడియా గుమస్తాకు కూడా తెలుగు రాకపోయినా పని జరుగుతుంది.

‘కబురు రాకపోతే ఇలా చేస్తాను’ అన్న వాక్యం గురించి కాస్త జాగ్రత్త. దీన్ని ఖర్చు తగ్గించే, వెనక్కి తీసుకోగలిగే పనులకే వాడండి. కొనుగోలు తగ్గించడం అలాంటిదే, మర్నాడు మళ్లీ పెంచుకోవచ్చు. ‘కబురు రాకపోతే లారీ నేనే అద్దెకు మాట్లాడతాను’ అని రాయొద్దు. డబ్బు ఖర్చయ్యే విషయంలో మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నారని తర్వాత మాట వస్తుంది.

ఎప్పుడు రాయాలన్నది మీకు పెద్ద విషయం. సోమవారం ఉదయం రాద్దామనుకుంటే జరగదు, ఎనిమిదికే బళ్లు గేటు దగ్గర ఉంటాయి. శనివారం సాయంత్రం కాటా మూసి రిజిస్టరు కట్టేటప్పుడే టైపు చేసి ఫోన్‌లో దాచుకోండి. ఆదివారం ఏదైనా మారితే సోమవారం పొద్దున్నే ఆ పంక్తి సరిచేసి పంపేయండి. యార్డులో సిగ్నలు ఆడుతూ ఉంటే ఇంటి దగ్గరే పంపి బయల్దేరండి.

ఆయన సరేనన్న తర్వాత క్యాలెండరు సంగతి చూడండి. గూగుల్ క్యాలెండరులో వారం వారం వచ్చే మీటింగుకు ‘No’ నొక్కితే అది దేనికని అడుగుతుంది: ‘This event’, ‘This and following events’, ‘All events’. మీరు ‘This event’ మాత్రమే ఎంచుకోండి, ప్రతి వారం విడిగా. కాస్త శ్రమే, కానీ మొత్తం వరుసకు కాదంటే మీటింగు టైము మారినా, ఆ రోజు ప్రత్యేక విషయం పెట్టినా అది మీ కంట పడకుండా పోవచ్చు. అక్కడే చిన్న నోటు రాసే వీలుంటుంది, అందులో ‘లెక్క 9 లోపు మీకు పంపుతున్నాను సార్’ అని ఒక్క పంక్తి పెట్టండి. ఆ జాబితా చూసే మిగతావాళ్లకు కూడా మీరు ఊరికే ఎగ్గొట్టలేదని తెలుస్తుంది. మీ ఆఫీసులో ఔట్‌లుక్ వాడితే ‘Do not send a response’ ఎంచుకోవద్దు. అది మీ వైపు మీటింగును తీసేస్తుంది గానీ పిలిచినవాళ్లకు కబురు వెళ్లదు. వాళ్లు మీకోసం ఎదురుచూస్తూనే ఉంటారు.

ఒప్పుకోకపోతే? ‘అందరూ ఉండాల్సిందే’ అంటే వాదించకండి. ‘సరే సార్, అయితే మొదటి వంతు గుణుపురానికి ఇవ్వండి, పది నిమిషాల్లో చెప్పి యార్డుకు వెళ్తాను’ అని అడగండి. దీనికి కాదనేవాళ్లు తక్కువ. అప్పుడు కూడా పేజీ ముందే పంపండి. రెండు మూడు వారాలు ఆ పేజీ చదివి, దాని మీద అడగడానికేమీ లేదని ఆయనకే తోచినప్పుడు, ‘నువ్వు పంపేస్తున్నావుగా, రాకపోయినా పర్లేదు’ అన్న మాట ఆయన నోట వస్తుంది. అది మీరు అడిగి తెచ్చుకున్న దానికంటే గట్టిగా నిలుస్తుంది.

కొన్ని సోమవారాలు మాత్రం మీరు ఎలాగైనా కూర్చోవాలి. ధర నిర్ణయించే మీటింగు ఒకటి. మీ యార్డు తూకం మీద గానీ తేమ కోత మీద గానీ ఫిర్యాదు ఉన్న రోజు ఇంకొకటి. ఆ రోజు కాగితం పంపి రాకపోతే తప్పించుకున్నారనే అనుకుంటారు, మీరేం రాసినా సంజాయిషీలాగే వినిపిస్తుంది. కొత్త మేనేజరు వచ్చిన మొదటి సమీక్ష, సీజన్ ఆఖరి లెక్కల రోజు కూడా అంతే. అందుకే ఆహ్వానం వచ్చినప్పుడు అందులో విషయం ఏమని రాశారో చూసుకోండి. ఏమీ రాయకపోతే ఆఫీసులో మీటింగు ఏర్పాటు చేసేవాళ్లను శనివారమే అడిగేయండి. అలాంటి రోజు తేమ మీటరు ఎవరికివ్వాలో ఇప్పటినుంచే చూసుకోవాలి. యార్డులో చురుగ్గా ఉన్న కుర్రాణ్ణి ఒకణ్ణి పక్కన పెట్టుకుని నేర్పండి. మూట పైపైన కాకుండా లోపలికి గుచ్చి, మూడు నాలుగు చోట్ల చూసి సగటు కట్టడం కొద్ది రోజుల్లో వస్తుంది.

ఇది పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి సోమవారం మధ్యాహ్నం మీకొచ్చే ఫోన్లను గమనించండి. ‘ఎంత కొన్నావు?’ అని ఫోన్ వస్తే పేజీ చదవలేదన్నమాట, లేదా ఆ అంకె ఆయన కంటికి ఆనలేదు. కోపగించుకోకుండా అంకె చెప్పి, ‘సార్, ఏది పైన ఉంటే మీకు తేలిక?’ అని అడిగి ఆ పంక్తిని పైకి జరపండి. అలా కాకుండా ‘శుక్రవారం లారీ ఎందుకు ఆలస్యమైంది?’ అని అడిగితే సంతోషించండి. చదివాకే ఆ ప్రశ్న వస్తుంది.

రెండో ప్రమాదం, మీరు లేనప్పుడు మీ గురించి నిర్ణయాలు జరగడం. మీ లారీ ఇంకో సెంటరుకు మళ్లించారని బుధవారం తెలిస్తే చేయగలిగింది లేదు. మీటింగులో ఉండే తోటి సెంటరువాళ్లలో నమ్మకమైన ఒకరిని పట్టుకుని, ‘గుణుపురం పేరు వస్తే సాయంత్రం చెప్పన్నా’ అని అడిగి పెట్టుకోండి. సార్‌కు కూడా సోమవారం సాయంత్రం, ‘గుణుపురానికి సంబంధించి ఏమైనా తేలిందా సార్?’ అని ఒక్క మెసేజీ పెట్టొచ్చు. రోజూ కాదు, మీరు ఏదైనా అడిగిన వారం మాత్రమే.

ఒక సోమవారం పేజీ వెళ్లకపోతే, ఎంత మంచి కారణం ఉన్నా, ఆ సాయంత్రమే మిమ్మల్ని మళ్లీ మీటింగులోకి పిలుస్తారు. నేను ఆఫీసులో ఉన్నప్పుడు అలాగే చేసేవాణ్ణి. జ్వరం వచ్చినా, ఊళ్లో పెళ్లి ఉన్నా, కొన్నది, నిల్వ, కావలసింది అన్న మూడు పంక్తులైనా 9 లోపు వెళ్లిపోవాలి. మీకు వీలుకాని రోజు రిజిస్టరు చూసి ఆ మూడూ పంపగలిగేలా ఆ తేమ కుర్రాడికే మీ సార్ నంబరు ఇచ్చి ఉంచండి, సార్‌కు కూడా ఆ అబ్బాయి పేరు ముందే చెప్పి పెట్టండి.